కోజీ గేమ్‌లో గడియారం ఎక్కడ దాక్కుంటుంది?

నా స్నేహితురాలిది రోజంతా ఫోన్‌లో కస్టమర్ల ఫిర్యాదులు వినే ఉద్యోగం. ఇంటికొచ్చాక కాస్త మనసు తేలికపడాలని స్టార్‌డ్యూ వ్యాలీ కొనుక్కుంది. చిన్న పొలం, పక్కన ఊరు, మెల్లటి సంగీతం, ఎవరూ ఎవరినీ కాల్చుకోని ఆట. పది రోజుల తర్వాత ఫోన్ చేసి, "నువ్వేమో ప్రశాంతంగా ఉంటుందన్నావు, నాకైతే ఇది రెండో డ్యూటీలా ఉంది" అంది.

ఓ సాయంత్రం పక్కన కూర్చుని ఆమె ఆడుతుంటే చూశాను. ఆటలో రాత్రి ఒంటిగంట దాటింది. సంచి నిండా గనిలో తవ్విన రాళ్లు, ఇల్లేమో ఊరికి అవతలి వైపు. భుజాలు బిగబట్టి, స్క్రీన్ మీదికి వంగి, బొమ్మను పరుగు పెట్టిస్తోంది. ఇంటి కంచె కనిపిస్తుండగా రెండయింది. బొమ్మ అక్కడే కుప్పకూలింది. ఆమె చేతిలోని కంట్రోలర్ పక్కన పెట్టి, "చూశావా?" అంది.

తప్పు ఆమెది కాదు, ఆటదీ కాదు. ఈ ఆటల బొమ్మలు, రంగులు, సంగీతం దాదాపు ఒకేలా ఉంటాయి కానీ లోపల కాలం నడిచే పద్ధతి ఒక్కో ఆటలో ఒక్కోలా ఉంటుంది. ఆడేవాళ్ల మనసు కుదుటపడుతుందా, బిగుసుకుంటుందా అన్నది చాలావరకు దాన్ని బట్టే ఉంటుంది. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం పేజీలో కనిపించే ఫొటోల్లో అది తెలియదు.

## 'కోజీ' అంటే ఏమిటి, 'లైఫ్ సిమ్' అంటే ఏమిటి

లైఫ్ సిమ్యులేషన్ అంటే రోజువారీ బతుకునే ఆటగా మార్చినది. పొలం, ఇల్లు, వంట, ఇరుగుపొరుగు, చేపలు పట్టడం, గది సర్దుకోవడం లాంటి పనులే అందులో ఉంటాయి. ఆడేవాళ్లు దాన్ని ముద్దుగా లైఫ్ సిమ్ అంటారు. ఇది ఆటలో ఏ పని చేస్తామో చెప్పే మాట.

కోజీ అన్నది ఆట కలిగించే అనుభూతిని చెప్పే మాట. ముసురు పట్టిన రోజు దుప్పటి కప్పుకుని కూర్చున్నప్పుడు ఉండే వెచ్చదనం లాంటిది. 2017లో డేనియల్ కుక్, మరికొందరు గేమ్ డిజైనర్లు కలిసి దీని మీద ఒక నివేదిక రాశారు. కోజీ అనుభూతికి వాళ్లు మూడు ఆధారాలు చెప్పారు. మొదటిది భద్రత, అంటే ప్రమాదం గానీ నష్టభయం గానీ లేకపోవడం. రెండోది సమృద్ధి, అంటే కడుపు నిండి, అవసరాలు తీరి, తరుముకొచ్చేది ఏదీ లేకపోవడం. మూడోది మెత్తదనం, అంటే రంగులు, శబ్దాలు, వేగం అన్నీ నెమ్మదిగా ఉండటం.

ఈ మూడింటిలో ఫొటోలో కనిపించేది మెత్తదనం ఒక్కటే. భద్రత, సమృద్ధి ఆట నియమాల్లో ఉంటాయి. మెత్తటి బొమ్మల వెనక భద్రత లేని నియమాలు ఉండొచ్చు. నా స్నేహితురాలికి ఎదురైంది అదే.

అసలు ఈ రకం పొలం ఆటలకు మూలపురుషుడి లాంటి హార్వెస్ట్ మూన్, యసుహిరో వాడా జపాన్‌లో 1996లో తెచ్చిన ఆట, గడువుతోనే మొదలైంది. రెండున్నరేళ్లు పొలం చూసుకోవాలి, ఆ తర్వాత తల్లిదండ్రులు వచ్చి నువ్వు ఏం చేశావో చూస్తారు. కాబట్టి గడియారం ఈ ఆటల్లోకి ఎక్కడినుంచో చొరబడింది కాదు, పుట్టినప్పటి నుంచీ ఉన్నదే.

## మనసు ఎందుకు తేలికపడుతుంది

స్టార్‌డ్యూ వ్యాలీలో మొదటి రోజునే తీసుకుందాం. ఊరి పెద్ద 15 పార్స్నిప్ విత్తనాలు కానుకగా ఇస్తాడు. అది ముల్లంగి లాంటి తెల్లటి దుంప. నేల చదును చేసి, విత్తనం వేసి, నీళ్ల క్యాన్‌తో తడపాలి. తడిసిన మట్టి ముదురు రంగులోకి మారుతుంది. ఒక్కో గడి తడపడానికి 2 పాయింట్ల ఎనర్జీ ఖర్చవుతుంది, కాబట్టి 15 గడులకు 30. పొద్దున లేచేసరికి మన దగ్గర ఉండేది 270. నాలుగు రోజులు తడిపితే దుంప తయారవుతుంది.

ఇందులో ఊహించలేనిది ఏమీ లేదు. ఎంత పని ఉందో కళ్లముందే ఉంది, చేసినంత మేర మట్టి రంగు మారి కనిపిస్తుంది, చేసిన దానికి ఫలితం తప్పకుండా వస్తుంది. బయటి జీవితంలో ఈ మూడూ ఒకచోట దొరకడం చాలా అరుదు. పది మెయిల్స్‌కి జవాబిస్తే ఇరవై కొత్తవి వస్తాయి. నెలంతా కష్టపడ్డ పనిని ఎవరో పక్కన పెట్టేస్తారు. ఇక్కడ 15 గడులు తడిపితే 15 గడులూ తడిసి ఉంటాయి.

మనస్తత్వ శాస్త్రంలో డెసి, ర్యాన్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రతిపాదించిన సిద్ధాంతం ఒకటుంది. మనిషి మనసుకు మూడు అవసరాలుంటాయంటారు వాళ్లు. నా ఇష్టప్రకారం చేస్తున్నానన్న భావన, నాకు ఈ పని చేతనవునన్న నమ్మకం, నావాళ్లున్నారన్న తోడు. తర్వాత ర్యాన్, మరికొందరు కలిసి దీన్ని వీడియో గేమ్‌లకు అన్వయించి చూశారు. లైఫ్ సిమ్‌లు ఈ మూడింటినీ చిన్న మోతాదుల్లో అందిస్తాయి. ఈ రోజు చేపలు పట్టాలా, ఇల్లు సర్దాలా అన్నది మన ఇష్టం. పని చేతనవుతుంది. ఊళ్లోవాళ్లు పేరు పెట్టి పలకరిస్తారు.

గట్టి గడియారం వచ్చిందంటే మొదట దెబ్బతినేది ఆ మొదటి అవసరమే. "ఇప్పుడు చేపలు పట్టాలనిపిస్తోంది" కాస్తా "ఇప్పుడు పట్టకపోతే రేపు దొరకవు" అవుతుంది. చేసేది అదే పని, చేయిస్తున్నది మాత్రం వేరు.

## పరిశోధనలు ఎంతవరకు చెబుతున్నాయి

2020లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక మంచి పని చేశారు. ఎంతసేపు ఆడారో ఆటగాళ్లను అడిగి రాసుకోకుండా, గేమ్ కంపెనీల దగ్గరున్న లెక్కనే తీసుకున్నారు. యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్ ఆడేవాళ్లు 2,756 మంది అందులో ఉన్నారు. ఎక్కువసేపు ఆడినవాళ్లు కాస్త మెరుగ్గా ఉన్నామని చెప్పారు. వార్తల్లో ఇది "ఆటలు మనసుకు మంచివి" అన్నట్టు వచ్చింది. కానీ ఆడటం వల్ల మెరుగయ్యారా, మనసు బాగున్నవాళ్లే ఎక్కువ ఆడారా అన్నది ఆ లెక్క తేల్చలేదు.

2022లో వాళ్లే ఏడు ఆటలతో, దాదాపు 39 వేల మందితో మరింత పెద్ద అధ్యయనం చేశారు. ఈసారి ఆడిన సమయానికీ మనసు బాగుండటానికీ మధ్య చెప్పుకోదగ్గ ప్రభావమేమీ కనిపించలేదు. కనిపించిన తేడా వేరేచోట ఉంది. ఆడాలనిపించి ఆడుతున్నామన్నవాళ్లు మెరుగ్గా ఉన్నారు, ఆడక తప్పదన్నట్టు ఆడుతున్నవాళ్లు అలా లేరు.

నా దృష్టిలో మన విషయానికి అన్నిటికంటే పనికొచ్చే ఫలితం ఇదే. గంటలు లెక్కపెట్టుకోవడం కంటే, ఏ ఆట మనలో 'తప్పదు' అనే భావన పుట్టిస్తుందో చూసుకోవడం మేలు. తీవ్రమైన ఆందోళనకో డిప్రెషన్‌కో ఈ ఆటలు వైద్యం అని చెప్పడానికి ఈ అధ్యయనాల్లో ఆధారమేమీ లేదన్నదీ గుర్తుంచుకోవాలి.

## గడియారాల్లో రకాలు

"టైమర్ లేని గేమ్ చెప్పండి" అని అడిగేవాళ్లకు ఒక్క మాటలో జవాబు దొరకదు. టైమర్ అన్న ఒక్క పేరు కింద వేర్వేరు సంగతులున్నాయి.

ఆట లోపల పరుగెత్తే గడియారం ఒకటి. స్టార్‌డ్యూలో 10 నిమిషాలు గడవడానికి బయట 7 సెకన్లు పడుతుంది. పొద్దున ఆరు నుంచి రాత్రి రెండు దాకా ఒక రోజు అంటే బయట సుమారు 14 నిమిషాలు. ఒంటరిగా ఆడుతున్నప్పుడు మెనూ తెరిస్తే ఆగుతుంది, నలుగురితో కలిసి ఆడుతుంటే ఆగదు.

గోడ మీది గడియారంతో నడిచే ఆటలు మరో రకం. 2020 మార్చిలో నింటెండో తెచ్చిన న్యూ హొరైజన్స్ ఇలాంటిది. బయట రాత్రయితే ఆటలోనూ రాత్రే, బయట డిసెంబరైతే లోపలా డిసెంబరే. హడావిడి అస్సలుండదు. ఇంటికి తీసుకున్న అప్పుకు వడ్డీ లేదు, గడువూ లేదు. కానీ సరుకుల దుకాణం పొద్దున 8 నుంచి రాత్రి 10 దాకానే ఉంటుంది. రాత్రి పదిన్నరకు ఇంటికి చేరే మనిషికి అది మూసిన తలుపే. బయటున్న పెట్టెలో వస్తువులు వేసి వెళ్లొచ్చు గానీ 20 శాతం తక్కువ వస్తుంది. 2021 చివర్లో వచ్చిన అప్‌డేట్‌తో దుకాణాలు పొద్దుపోయేదాకా తెరిచి ఉంచే వీలు కల్పించారు. చాలామందికి ఈ ఆట లేపనంలా పనిచేస్తే, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు చిరాకు తెప్పించడానికి కారణం ఈ గోడ గడియారమే.

కాలం బదులు ఎనర్జీతో నడిచే ఆటలు మూడో రకం. 2020లో వచ్చిన లిటిల్‌వుడ్‌లో మనం పని చేస్తేనే పొద్దు గడుస్తుంది. చెట్టు నరికితే కాస్త గడుస్తుంది, ఊరికే నిలబడి సంగీతం వింటుంటే గడవదు. మధ్యలో ఎవరైనా పిలిస్తే లేచి వెళ్లినా నష్టం లేదు.

నాలుగో రకం డబ్బుతో ముడిపడిన నిరీక్షణ. హే డే లాంటి ఫోన్ ఆటల్లో గోధుమ పంట 2 నిమిషాల్లో వస్తుంది, తర్వాత వచ్చే వస్తువులకు గంటలు పడుతుంది. ఆగలేకపోతే వజ్రాలు ఖర్చుపెట్టి తొందర చేసుకోవచ్చు, ఆ వజ్రాలను డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. ఇక్కడ నిరీక్షణే అమ్మకపు సరుకు. అయినా హే డేలో పంట ఎన్నాళ్లున్నా పాడవదు. 2009లో వచ్చిన ఫార్మ్‌విల్‌లో అలా కాదు. స్ట్రాబెర్రీ వేస్తే 4 గంటల్లో పండేది, సమయానికి రాకపోతే వాడిపోయేది. చూడ్డానికి అదీ మెత్తటి పొలమే, కానీ ఆఫీసులో మీటింగ్ మధ్యలో స్ట్రాబెర్రీలు గుర్తొచ్చేలా కట్టిన ఆట.

వీటన్నిటి మీద క్యాలెండర్ ఒకటుంది. ఈ వారమే దొరికే కుర్చీ, రోజూ వస్తేనే ఇచ్చే బహుమతి, పండగ రోజు తప్పితే మళ్లీ రాని వస్తువు. మిగతా గడియారాలు ఆడుతున్నప్పుడే పట్టుకుంటాయి, ఇది ఆడనప్పుడు కూడా వెంటపడుతుంది.

## ఒక లెక్క: ఆలస్యమైతే ఏం పోతుంది

గడియారం ఉందా లేదా అన్నదానికంటే, దాన్ని తప్పితే పోయేదేమిటి, పోయింది తిరిగొస్తుందా అన్నది ముఖ్యం. నా స్నేహితురాలితో కూర్చుని ఇదే లెక్క వేశాను.

స్టార్‌డ్యూలో ఒక రుతువుకు 28 రోజులు. వసంతంలో కాలిఫ్లవర్ విత్తనం 80 గోల్డ్, పండటానికి 12 రోజులు, పువ్వు అమ్మితే 175 వస్తుంది. 16వ తేదీన నాటితే 28న కోతకొస్తుంది. 17న నాటితే 29న రావాలి, కానీ వసంతంలో 29వ తేదీ లేదు. వేసవి మొదటి రోజు పొద్దున లేచేసరికి ఆ మొక్కలన్నీ ఎండిపోయి ఉంటాయి. ఆమె 18న పది మొక్కలు నాటింది. 800 గోల్డ్ పోయింది. అప్పటికి ఆమె దగ్గర అది పెద్ద మొత్తమే.

నిజంగా పోయిందేమిటో చూస్తే అంతే. పొలం పోలేదు, ఊరు పోలేదు, కథ ఆగలేదు. వచ్చే వసంతంలో కాలిఫ్లవర్ మళ్లీ వస్తుంది. రాత్రి రెండింటికి పడిపోతే దగ్గరున్న సొమ్ములో పదో వంతు దాకా, అదీ గరిష్ఠంగా 1,000 గోల్డ్ పోతుంది, మర్నాడు కాస్త నీరసంగా లేస్తాం. ఊళ్లో పాడుబడ్డ కమ్యూనిటీ సెంటర్‌ను బాగుచేయడానికి గడువే లేదు. మూడో ఏడాది మొదట్లో, మనకు ఆ పొలాన్ని వదిలి వెళ్లిన తాతయ్య ఆత్మ వచ్చి మన పని చూసి మార్కులు వేస్తుంది. అందరూ భయపడేది దానికే, కానీ తక్కువ వస్తే ఒక వజ్రం పెట్టి మళ్లీ చూడమని అడగొచ్చు. ఆటలో ఉన్న గడువుల్లో చాలావరకు తిరిగొచ్చేవే. ఆ సంగతి మాత్రం ఆట ముందుగా చెప్పదు, పైగా అర్ధరాత్రి దాటిందని హెచ్చరిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని ప్రమాదఘంటికలా వింటారు.

అసలు ఒత్తిడి ఇంకోచోట ఉంది. కంప్యూటర్ మీదా కన్సోల్ మీదా రోజు ముగించి పడుకుంటేనే ఆట సేవ్ అవుతుంది. మధ్యలో మూసేస్తే ఆ రోజు చేసిందంతా పోతుంది. ఒంటరిగా ఆడుతుంటే రెండు నిమిషాల పనికి మెనూ తెరిచి వెళ్లొచ్చు. కానీ ఏ క్షణాన పిల్లలు నిద్ర లేస్తారో, ఎప్పుడు పవర్ పోతుందో తెలియని ఇంట్లో ఆ 14 నిమిషాలు నిజమైన గడువే. దీని గురించి మాట్లాడుకునేవాళ్లు తక్కువ, ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ.

## గడియారం కావాలనేవాళ్ల మాటా వినాలి

కాలం నడవని ఆట కొందరికి అస్సలు రుచించదు. వాళ్ల వాదనలో బలముంది. పొద్దు వాలుతుంది కాబట్టే ఇంటికి చేరడంలో తృప్తి ఉంది. ఆకులు రాలితేనే మళ్లీ చిగురు వేయడం సంతోషాన్నిస్తుంది. 14 నిమిషాల రోజు ఒక చక్కటి కొలత కూడా, ఇక చాలు పడుకుందాం అనుకోవడానికి ఒక గీత గీసి ఇస్తుంది. అలాంటి గీత లేని ఆటలో రాత్రి పదికి కూర్చుని ఒంటిగంటకు లేచినవాళ్లు నాకు తెలుసు.

న్యూ హొరైజన్స్ అభిమానులు చెప్పేది ఇంకొకటి. నిజమైన గడియారం ఆటను అరగంటకే ముగించి పంపేస్తుంది, చేసే పని అయిపోతుంది, రేపు రమ్మంటుంది. చాలా రోజులు రాకపోతే కలుపు మొక్కలు పెరుగుతాయి, ఇంట్లో బొద్దింకలు కనిపిస్తాయి, ఊళ్లోవాళ్లు ఇన్నాళ్లూ ఏమైపోయావని అడుగుతారు. పాత యానిమల్ క్రాసింగ్‌లలో మనం లేనప్పుడు కొందరు ఊరొదిలి వెళ్లిపోయేవాళ్లు, ఇందులో మనల్ని అడగకుండా వెళ్లరు. ఆ పలకరింపు ఒకరికి ఆప్యాయతగా వినిపిస్తుంది, ఇంకొకరికి నిష్ఠూరంలా తగులుతుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. ఎవరూ ఎదురుచూడని చోటే సేదతీరే మనిషికి ఈ ఆట సరిపడదు, ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటే బాగుండనిపించే మనిషికి ఇంతకంటే మంచి ఆట దొరకదు.

ఇంకో చిక్కు ఉంది, అది ఆటలో కాకుండా ఆడేవాళ్లలో ఉంటుంది. ఏ పంట వేస్తే ఎంత లాభమో పట్టికలు చూసుకుంటూ మొదటి ఏడాదే అన్నీ పూర్తిచేయాలనుకుంటే, గడియారం లేని ఆట కూడా పరీక్షలా తయారవుతుంది.

## ఎంచుకునేటప్పుడు తేడా ఎలా తెలుస్తుంది

దుకాణం పేజీలో 'కోజీ', 'రిలాక్సింగ్' అన్న మాటలు నమ్మకమైన గుర్తులు కావు, అవి ఎవరైనా పెట్టుకోవచ్చు. నమ్మదగినవి నియమాలు చెప్పే మాటలు. యాప్‌లో కొనుగోళ్లు, రోజువారీ బహుమతులు, పరిమిత కాలపు ఈవెంట్లు అని కనిపిస్తే నాలుగో రకం గడియారమో క్యాలెండరో లోపల ఉన్నట్టే. సమీక్షల్లో సేవ్ గురించి ఏమన్నారో చూస్తే ఇంకో సగం తెలుస్తుంది. ఎక్కడైనా ఆపి సేవ్ చేసుకోవచ్చంటే, గడియారం ఉన్నా దాని కోరలు తీసేసినట్టే.

కొన్ని ఆటలు సెట్టింగ్స్‌లోనే దారి ఇస్తాయి. సన్ హేవెన్‌లో రోజు ఎంత పొడవుండాలో మనమే పెంచుకోవచ్చు. ద సిమ్స్ 4లో ఆకలి, నిద్ర, శుభ్రత లాంటి అవసరాలు తగ్గుతూ ఉంటాయి, కానీ ఏ క్షణంలోనైనా ఆటను ఆపి ఆలోచించుకోవచ్చు, వయసు పెరగకుండా చేసుకోవచ్చు కూడా. అసలు కాలమే లేనిది కావాలంటే 2021లో వచ్చిన అన్‌ప్యాకింగ్ ఉంది. ఒక అమ్మాయి 1997 నుంచి 2018 దాకా ఇళ్లు మారుతూ ఉంటుంది, మనం ఆమె పెట్టెలు విప్పి సామాను సర్దుతాం. మాటలు లేకుండానే ఒక జీవితం తెలిసిపోతుంది. అయితే అది రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతుంది, ఏళ్లతరబడి పెంచుకునే పొలం లాంటిది కాదు.

కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆడి చూసి తేల్చుకుందాం అనుకునేవాళ్లు దీన్నే నమ్ముకుంటారు. లెక్క వేస్తే, 2 గంటలంటే స్టార్‌డ్యూలో ఎనిమిది రోజుల చిల్లర. రుతువు మారడానికి ఆరున్నర గంటలు ఆడాలి. అంటే పంట ఎండిపోయే ఆ పొద్దున డబ్బు వెనక్కొచ్చే గడువు దాటిన చాలాసేపటికి వస్తుంది. పరుగెత్తే గడియారం మొదటి రోజే తెలుస్తుంది, క్యాలెండర్ ఎలా ఉంటుందో మాత్రం ముందు ఆడినవాళ్లనే అడిగి తెలుసుకోవాలి.

నా స్నేహితురాలు ఆ ఆటను వదల్లేదు. గనికి వెళ్లడం తగ్గించింది. పొలంలో నాలుగు రోజుల్లో వచ్చే పార్స్నిప్ లాంటివే వేస్తోంది, అవి 24వ తేదీన నాటినా అందుతాయి. పొద్దు వాలకముందే బొమ్మను పడుకోబెట్టేస్తుంది. ఆటలో సాయంత్రం నాలుగింటికి నిద్రేమిటని అడిగితే, "వర్షం పడే రోజు నీళ్లు పోసే పని కూడా లేదు, ఇంకేం చేయాలి?" అంది. ఉద్యోగంలో గట్టి రోజు గడిచినప్పుడు మాత్రం లిటిల్‌వుడ్ తెరిచి, ఒక్క చెట్టూ నరక్కుండా కాసేపు ఊళ్లో తిరిగి మూసేస్తుందట.